డ్రిప్ ఆటోమేషన్ రిలే పెట్టెకు ఫ్యూజు, వైరు, పవర్ సప్లై ఎంత సైజువి పెట్టుకోవాలి? – దమ్మపేట ఆయిల్‌పామ్ తోటలో ఒక అనుభవం

దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఆయిల్‌పామ్ తోటలకు డ్రిప్ లేని చోటు ఇప్పుడు తక్కువ. నాలుగైదేళ్లుగా దీనికి ఇంకో పరికరం తోడైంది. బోరు షెడ్డులో గోడకు ఒక పెట్టె, అందులో నాలుగో ఎనిమిదో రిలేలు ఉన్న బోర్డు, సిమ్ వేసే మోడెమ్, అక్కడి నుంచి తోటలోని వాల్వులకు వైర్లు. ఫోను నుంచి మెసేజ్ ఇస్తే మోటారు ఆన్ అవుతుంది, వాల్వులు వంతుల వారీగా తెరుచుకుంటాయి. కొందరు కంపెనీ పెట్టె కొంటున్నారు. చాలామంది రిలే బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఊళ్లో ఎలక్ట్రీషియన్ చేత బిగించుకుంటున్నారు. ఈ వ్యాసం ఎక్కువగా ఈ రెండో రకం రైతుల కోసం.

గత వేసవిలో ఒక రైతు నన్ను తోటకు పిలిచారు. ఎనిమిది ఎకరాలు, త్రిభుజాకారంలో 9 మీటర్ల దూరంతో ఎకరాకు 57 చెట్ల లెక్కన నాటిన కాపు తోట. ఆరు వాల్వులు, ఎనిమిది రిలేల పెట్టె. "సార్, చివరి వాల్వు కింద చెట్లు మొవ్వు ఆకులు విచ్చుకోక బాణాల్లా నిలబడిపోయాయి. తెగులేమో చూడండి" అన్నారు. చూస్తే తెగులు కాదు, నీళ్లు లేవు. ఫోనులో 'వాల్వు 6 ఆన్' అని వస్తోంది కానీ వాల్వు తెరుచుకోవడం లేదు. కాయిల్ మీద చెయ్యి పెడితే కాలిపోయేంత వేడి, లోపల 'జుయ్' మని మోత. తొమ్మిది రోజులుగా ఆ వరసలకు చుక్క నీరు పడలేదు. ఎండాకాలంలో కాపు చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైగా కావాలి. ఆ లోటు అప్పటికప్పుడు గెలల బరువులో కనిపించదు. లేత పూగుత్తులు ఎండిపోతాయి, మగ పూలు పెరుగుతాయి, ఏడాదిన్నర రెండేళ్ల తర్వాత ఫ్యాక్టరీ కాటా దగ్గర తెలుస్తుంది.

మేము ఆ చివరి వాల్వు సంగతి చూసి వచ్చిన వారం రోజులకే అదే పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు కాలింది. పెట్టె బిగించిన ప్లైవుడ్ చెక్క నల్లగా మాడింది. అదృష్టం కొద్దీ షెడ్డు అంటుకోలేదు. ఈ రెండు నష్టాలకూ కారణం రిలే బోర్డు కాదు. వైరు, ఫ్యూజు, సప్లై ఈ మూడింటినీ దేనికది విడిగా, అంచనా మీద కొనడమే కారణం. ఒకదాని లెక్క మరొకదాన్ని పట్టి ఉంటుంది. అదే తోటకు మళ్లీ ఎలా లెక్క కట్టామో వరుసగా చెబుతాను.

ముందు పెట్టెలో ఏది ఎంత కరెంటు తాగుతుందో రాసుకోవాలి

పెట్టెలో నిజానికి రెండు రకాల కరెంటు ఉంటుంది. రిలే బోర్డు, కంట్రోలరు, మోడెమ్ – ఇవి డీసీ మీద నడుస్తాయి. తోటలో వాల్వుల కాయిళ్లు ఎక్కువగా 24 వోల్టుల ఏసీవి. ఈ రెండింటికీ వేర్వేరు సప్లైలు పెట్టాలి. ఒకే అడాప్టరుతో అన్నీ లాగాలని చూడకూడదు.

డీసీ వైపు లెక్క చిన్నదే. మనకు దొరికే నీలం రంగు చిన్న రిలేలు 12 వోల్టులవైతే ఒక్కొక్కటి సుమారు 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. అవే 5 వోల్టులవైతే 70 వరకు తీసుకుంటాయి. బోర్డు మీది దీపాలు కూడా కలిపి 12 వోల్టుల బోర్డులో రిలేకు 40 వేసుకుంటే, ఎనిమిదీ ఒకేసారి పడినా 320 మిల్లీ ఆంపియర్లు. కంట్రోలరుకు ఇంకో 200. చాలామంది లెక్క ఇక్కడే ఆపి ఒక ఆంపియర్ అడాప్టరు కొంటారు. మోడెమ్‌ను మరిచిపోతారు. అది మామూలుగా కొంచెమే తీసుకుంటుంది కానీ మెసేజ్ పంపే క్షణంలో తన 4 వోల్టుల వైపు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. 12 వోల్టుల వైపు చూస్తే అది ముప్పావు ఆంపియరుకు పైమాటే, 800 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఇంకా గట్టిగా గుంజుతుంది. మన అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే.

మొత్తం 1.3 ఆంపియర్లు. దాని మీద మూడో వంతు అదనం వేస్తే 1.7 దాటుతుంది. కాబట్టి 12 వోల్టులు 2 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ సరిపోతుంది. రేకుల షెడ్డులో మే నెలలో పెట్టె లోపల వేడి బాగా పెరుగుతుంది గనుక ఈ అదనం ఖర్చు దండగ అనుకోవద్దు. వేడిలో ఏ సప్లై అయినా లేబుల్ మీద రాసినంత ఇవ్వలేదు. సప్లై చాలకపోతే గుర్తు ఇలా ఉంటుంది: ఫోనుకు మెసేజ్ వచ్చే సమయానికే రిలేలన్నీ 'టక్' మని పడిపోయి, కంట్రోలరు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రైతులు దీన్ని 'బోర్డు పోయింది' అనుకుని కొత్త బోర్డు కొంటున్నారు.

వాల్వుల ట్రాన్స్‌ఫార్మరు

ఏసీ కాయిల్‌కు రెండు కరెంట్లు ఉంటాయి. లోపలి ఇనుప కడ్డీని లాగే క్షణంలో ఎక్కువ, లాగిన తర్వాత పట్టి ఉంచడానికి తక్కువ. లేబుల్ మీద రెండూ ఉంటాయి. ఈ తోటలోని వాల్వులకు లాగేటప్పుడు 0.45, పట్టి ఉంచేటప్పుడు 0.25 ఆంపియర్లు. మీ వాల్వు లేబుల్ చూసి మీ అంకెలు వేసుకోండి.

ఇక్కడ ఒక వంతుకు రెండు వాల్వులు తెరుస్తారు. వంతు మారేటప్పుడు మోటారు మీద ఒత్తిడి పడకుండా ముందు కొత్తవి తెరిచి, ఆ తర్వాత పాతవి మూస్తారు. కొత్త వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఐదు సెకన్ల తేడాతో తెరిచేలా పెట్టుకుంటే, అన్నిటికన్నా బరువైన క్షణంలో మూడు వాల్వులు పట్టి ఉంటాయి, ఒకటి లాగుతూ ఉంటుంది. మూడు పావులు ముప్పావు, దానికి 0.45 కలిపితే 1.2 ఆంపియర్లు. దానిపై అదనం వేసి 24 వోల్టులు 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు తీసుకున్నాం. ప్రోగ్రాంలో పొరపాటు వచ్చి ఆరూ తెరుచుకున్నా, పట్టి ఉంచే కరెంటు 1.5 ఆంపియర్లే కాబట్టి తట్టుకుంటుంది.

కొత్తగూడెం, సత్తుపల్లి దుకాణాల్లో '24 వోల్టులది' అడిగితే ఒక్కోసారి 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు ఇస్తారు. అదీ పనికొస్తుంది. రెండు చివరి వైర్లు వాడుకుని, మధ్య వైరును టేపు చుట్టి వదిలేయాలి. మధ్య వైరుకు కలిపితే 12 వోల్టులే వస్తాయి.

ఇక్కడే మన ప్రాంతపు అసలు ఇబ్బంది. ఎస్ఎంపీఎస్ ఇంటి కరెంటు తగ్గినా 12 వోల్టులు స్థిరంగా ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు అలా కాదు. లోపలికి ఎంత తగ్గితే బయటకూ అంతే వంతున తగ్గుతుంది. లైను చివర ఉన్న బోర్లలో అందరి మోటార్లూ నడిచే వేళ 195 వోల్టులే ఉండడం మామూలు. అప్పుడు 24 రావాల్సిన చోట 20 వస్తుంది. ఈ రైతు షెడ్డులో మీటరు పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉంది. ఇక వైరులో పోయేదానికి మిగిలింది ఏమిటి?

వైరు: దుకాణంలో గేజి కాదు, చదరపు మిల్లీమీటర్లు అడగండి

గేజి నంబరుతో చిక్కు ఉంది. మన పాత లెక్కలో 18 గేజి తీగ అంటే సుమారు 1.17 చదరపు మి.మీ. ఫోను వీడియోల్లో చూపించేది అమెరికా గేజి. వాళ్ల 18 గేజి 0.82 మాత్రమే. రెండింటిలోనూ నంబరు పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. అందుకే గేజి మాట వదిలేసి, 1 స్క్వేర్, 1.5 స్క్వేర్, 2.5 స్క్వేర్ అని అడగడం మంచిది. ఇన్సులేషన్ మీద కూడా అదే అచ్చు వేసి ఉంటుంది.

వాల్వుకు వెళ్లే కరెంటు తక్కువ గనుక వైరు వేడెక్కుతుందన్న భయం లేదు. 0.5 స్క్వేర్ వైరు కూడా అర ఆంపియరును సునాయాసంగా మోస్తుంది. ఎలక్ట్రీషియన్ కూడా అందుకే 'ఇది చాలు' అంటాడు. అతను చెప్పింది ఇంటి లెక్క. తోటలో దూరం లెక్క వేరు. సన్నటి పైపులో దూరం పోయే కొద్దీ నీటి ఒత్తిడి పడిపోయినట్టే వైరులో వోల్టేజీ పడిపోతుంది.

వెయ్యి మీటర్ల రాగి వైరుకు 0.5 స్క్వేర్ అయితే సుమారు 39 ఓంలు అడ్డు ఉంటుంది. 1 స్క్వేర్‌కు 19.5, 1.5 స్క్వేర్‌కు 13.3, 2.5 స్క్వేర్‌కు 8 ఓంలు. లెక్క ఒక్కటే:

```
వైరులో పోయే వోల్టులు = ఓంలు × ఆంపియర్లు
ఓంలు = (పోను + రాను మీటర్లు) × (1000 మీటర్ల ఓంలు) ÷ 1000
```

'పోను రాను' అన్న మాట మరవవద్దు. చివరి వాల్వు షెడ్డుకు 280 మీటర్ల దూరంలో ఉంది. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 560 మీటర్ల లెక్క. ఈ రైతు వేసింది 0.5 స్క్వేర్ వైరు, కాబట్టి దారిలోనే దాదాపు 22 ఓంలు. పెట్టెలో 20 వోల్టులు ఉండగా ఆఖరి వాల్వు దగ్గర మీటరు 15 చూపించింది. ఆ కాయిల్‌కు కనీసం 20 కావాలి.

తక్కువ వోల్టేజీతో వాల్వు ఊరికే తెరుచుకోకపోవడంతో ఆగదు. ఏసీ కాయిల్‌లో కడ్డీ పైకి పూర్తిగా అతుక్కున్నాకే కరెంటు తగ్గుతుంది. సగంలో ఆగిపోతే కరెంటు పట్టి ఉంచే స్థాయికి దిగదు. గంటల తరబడి అలాగే ఉండి కాయిల్ మాడిపోతుంది. ఆ మోత, ఆ వేడి అందుకే. దీన్ని ఏ ఫ్యూజూ ఆపలేదు, ఎందుకంటే ఆ కరెంటు ఫ్యూజుకు మామూలు కరెంటే. కాయిల్‌ను కాపాడేది సరైన వోల్టేజీ ఒక్కటే.

మళ్లీ వేసిన వైరు ఇది. ప్రతి వాల్వుకు విడిగా వెళ్లే వైరు 1.5 స్క్వేర్. అన్ని వాల్వులకు ఉమ్మడిగా తిరిగి వచ్చే కామన్ వైరు 2.5 స్క్వేర్. కామన్ వైరులో ఒకేసారి తెరిచిన వాల్వులన్నింటి కరెంటూ వస్తుంది గనుక అది మందంగా ఉండాలి. చివరి వాల్వు లెక్క చూద్దాం. దాని సొంత వైరు 280 మీటర్లు, 3.7 ఓంలు, లాగే కరెంటు 0.45తో 1.7 వోల్టులు పోతాయి. కామన్ వైరు 280 మీటర్లు, 2.2 ఓంలు. అందులో తనదీ, అప్పటికే తెరిచి ఉన్న జంట వాల్వుదీ కలిసి 0.7 ఆంపియర్లు వస్తాయి, 1.6 వోల్టులు పోతాయి. మొత్తం 3.3. పెట్టెలో 24 ఉంటే వాల్వు దగ్గర 20.7 మిగులుతుంది. చాలు, కానీ ఎక్కువేమీ మిగలలేదు.

అందుకని ఇంకో రెండు పనులు చేశాం. పెట్టె వరకు మాత్రమే సరిపోయే చిన్న స్టెబిలైజరు పెట్టాం, మోటారుకు కాదు. రెండోది ఖర్చు లేనిది. రోజూ మొదటి వంతులో దూరపు జంట వాల్వులే తెరిచి, అవి తెరుచుకున్న తర్వాతే మోటారు ఆన్ అయ్యేలా వరుస మార్చాం. మోటారు మొదలయ్యే క్షణంలో వోల్టేజీ బాగా కుంగుతుంది. అప్పటికే లాగి ఉన్న వాల్వుకు పట్టి ఉంచడానికి తక్కువ చాలు. పైగా ఆ సమయానికి వేరే వాల్వులు ఏవీ తెరిచి ఉండవు కాబట్టి కామన్ వైరు మీద బరువు ఉండదు.

వైరు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చాలా తిరుగుతోంది. పైకి రాగిలాగే ఉంటుంది, ధర తక్కువ. బ్లేడుతో ఒక పోగు గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు. అల్యూమినియానికి రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ అడ్డు ఉంటుంది. భూమిలో తేమకు జాయింట్లు తొందరగా పాడవుతాయి.

ఫ్యూజు: 'పెద్దది వేస్తే పోదు' అన్నదే ప్రమాదం

ట్రాన్స్‌ఫార్మరు ఎలా కాలిందో చెప్పాలి. కూలీలు పళ్లెంలో కలుపు తీస్తుంటే రెండో వాల్వు దగ్గర, షెడ్డుకు 60 మీటర్ల దూరంలో, పైపులో పెట్టకుండా పైపైన పూడ్చిన వైరు పార దెబ్బకు నలిగి రెండు తీగలూ కలిశాయి. పెట్టెలో 5 ఆంపియర్ల గాజు ఫ్యూజు ఉంది. అంతకు ముందు 1 ఆంపియరుది రెండుసార్లు పోయిందని అతనే పెద్దది మార్పించారు.

ఇప్పుడు లెక్క చూడండి. పోను రాను 120 మీటర్ల 0.5 స్క్వేర్ వైరుకు 4.7 ఓంలు. 24ను 4.7తో భాగిస్తే 5 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు కుంగడం వల్ల నిజానికి నాలుగున్నర అనుకోవచ్చు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది మామూలు బరువు, అది కరగదు. 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. వాల్వు వంతు రెండు గంటలు. ఆ రెండు గంటలూ ట్రాన్స్‌ఫార్మరు ఉడికింది. ఫ్యూజు చెక్కు చెదరలేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 1 ఆంపియరు అని రాసిన గాజు ఫ్యూజు 1 ఆంపియరు దాటగానే పోదు. ఒకటిన్నర రెట్లు కరెంటును గంటసేపు మోయాలన్నది ఈ ఫ్యూజుల ప్రమాణంలోనే ఉంది. రెట్టింపుకు కొంచెం పైన ఉంటే నిమిషాల్లో పోతుంది. రెండు ముప్పావు రెట్లు దాటితే సెకన్లలో పోతుంది. కాబట్టి ఫ్యూజు ఎంచుకునేటప్పుడు రెండు వైపుల నుంచి చూడాలి. మామూలు కరెంటుకు పోకూడదు. లైను ఆఖరి చివర షార్ట్ అయినా పోవాలి.

మన లైనుకు వేసి చూద్దాం. వాల్వు మామూలుగా తీసుకునేది పావు ఆంపియరు, లాగేటప్పుడు అర ఆంపియరుకు లోపే. 1 ఆంపియరు ఫ్యూజుకు ఇది ఏమీ కాదు. కొత్త వైరుతో చివరి వాల్వు దగ్గర షార్ట్ అయితే దారిలో అడ్డు 3.7, 2.2 కలిపి 5.9 ఓంలు. కరెంటు 4 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మరు కుంగుబాటు తీసేస్తే మూడున్నర. 1 ఆంపియరు ఫ్యూజుకు అది మూడున్నర రెట్లు, సెకన్లలో పోతుంది. పాత 0.5 స్క్వేర్ వైరు చివర షార్ట్ అయి ఉంటే 22 ఓంల వల్ల కరెంటు ఒక ఆంపియరుకు కాస్త పైనే ఉండేది. 1 ఆంపియరు ఫ్యూజు కూడా ఎప్పటికీ పోయేది కాదు. అంటే మందపు వైరు వోల్టేజీ కోసమే కాదు, ఫ్యూజు తన పని చేయడానికి కూడా కావాలి. ఫ్యూజును వైరు సంగతి తెలియకుండా కొనకూడదు అనేది ఇందుకే.

ఈ పెట్టెలో చివరికి పెట్టినవి ఇవి. ఒక్కో వాల్వు లైనుకు, రిలే తర్వాత, 1 ఆంపియరు నిదానపు ఫ్యూజు. ట్రాన్స్‌ఫార్మరు 24 వోల్టుల వైపు మొత్తానికి 2 ఆంపియర్ల నిదానపు ఫ్యూజు. 230 వోల్టుల వైపు అర ఆంపియరు నిదానపు ఫ్యూజు. ఈ 50 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు ఇంటి కరెంటు వైపు తీసుకునేది పావు ఆంపియరు కంటే తక్కువే అయినా, ఆన్ చేసిన క్షణంలో చాలా రెట్లు గుంజుతుంది. అందుకే నిదానపు రకం ఉండాలి. గాజు ఫ్యూజు లోహపు టోపీ మీద అంకె ముందు 'టి' అక్షరం ఉంటే నిదానపుది, 'ఎఫ్' ఉంటే వేగంగా పోయేది. ఆ రైతుకు మొదట్లో రెండుసార్లు పోయిన ఫ్యూజు 'ఎఫ్' రకంది, అది కూడా 230 వైపు పెట్టిందే. మార్చాల్సింది రకం, ఆయన మార్చింది సైజు.

ఒక్కో లైనుకు విడి ఫ్యూజు ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. రెండో లైను నలిగితే రెండో ఫ్యూజే పోతుంది, మిగతా అయిదు వాల్వులు నడుస్తూనే ఉంటాయి. ఎక్కడ తవ్వి చూడాలో కూడా తెలిసిపోతుంది. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం పెట్టడం ఇంకా చూస్తున్నాను. అరడజను ఫ్యూజులు ఒక చిన్న కవరులో పెట్టి పెట్టె తలుపు లోపలే అతికించుకోండి.

మోటారు రిలే సంగతి వేరు

ఏడో రిలే మోటారు స్టార్టరుకు. ఇక్కడ మాత్రం మీరు చెయ్యి పెట్టవద్దు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బోర్డు రిలేల మీద 250 వోల్టులు 10 ఆంపియర్లు అని ఉంటుంది. చాలా త్రీ ఫేజు స్టార్టర్లలో కాయిల్ రెండు ఫేజుల మధ్య, 415 వోల్టుల మీద పని చేస్తుంది. ఆ వైర్లను నేరుగా బోర్డు రిలేకు ఇస్తే కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత రిలే లోపల మెరుపు సాగి కాంటాక్టులు అతుక్కుంటాయి. ఫోనులో 'ఆఫ్' అని వస్తుంది, మోటారు ఆగదు. లేదా ఆ వోల్టేజీ బోర్డులోకి దూకుతుంది.

మధ్యలో ఒక చిన్న కాంటాక్టరు పెట్టించాలి. బోర్డు రిలే ఆ కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, స్టార్టరు వైర్లు కాంటాక్టరు గుండా వెళ్తాయి. ఆ కాయిల్ 230 వోల్టులది తీసుకోండి. 24 వోల్టులది కొంటే అది లాగే క్షణంలో 60, 70 వాట్ల బరువు వేస్తుంది. మన 50 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు కుంగి, తెరిచి ఉన్న వాల్వులు కూడా పడిపోతాయి. ఈ కాయిల్ లైనుకు కూడా 1 ఆంపియరు నిదానపు ఫ్యూజు వేయాలి. పెట్టెలో ఈ 230, 415 వైర్లు ఒక పక్క, వాల్వుల 24 వైర్లు ఇంకో పక్క ఉండాలి, ఒకే కట్టగా కట్టకూడదు. పెట్టె ఇనుప రేకుది అయితే దానికి ఎర్తు తప్పనిసరి. ప్లైవుడ్ చెక్క మాత్రం తీసేయండి.

పూడ్చే ముందు, పూడ్చాక

వైరు కాలువలో పెట్టి మట్టి కప్పక ముందే ఒక పరీక్ష చేయాలి. వాల్వు దగ్గర రెండు తీగలనూ కలిపి, షెడ్డులో సప్లై విప్పేసి, మల్టీమీటరును ఓంల మీద పెట్టి కొలవండి. చివరి లైనుకు లెక్క ప్రకారం 5.9 ఓంలు రావాలి. 6, 6.3 వస్తే మంచిదే. 9, 10 వస్తే వైరు రాగిది కాదు, లేదా ఎక్కడో జాయింటు సరిగ్గా లేదు. ఈ అంకెను పెట్టె తలుపు లోపల లైను నంబరుతో రాసి పెట్టండి. ఏటా వేసవి ముందు, ఫిబ్రవరిలో ఒకసారి కొలిచి చూసుకుంటే ఏ జాయింటుకు తుప్పు పడుతోందో వాల్వు ఆగక ముందే తెలుస్తుంది.

ఆ తర్వాత సప్లై ఇచ్చి, తీగలు వాల్వుకు బిగించి ఉండగానే వాల్వు దగ్గర వోల్టులు చూడాలి. విడిగా పట్టుకుని కొలిస్తే ఎప్పుడూ 24కు పైనే చూపిస్తుంది, అందులో అర్థం లేదు. అందరి మోటార్లూ నడిచే వేళ కొలవాలి.

జాయింట్లు వీలైనంత వరకు వాల్వు పెట్టెల్లోనే ఉండాలి, భూమిలో కాదు. తప్పనప్పుడు జెల్ నింపిన కనెక్టరు వాడాలి. టేపు చుట్టిన జాయింటు మన ఎర్ర నేలల్లో కూడా రెండు వానలకు మించి ఉండదు. వైరును పైపులో దూర్చి మోకాలి లోతున వేయండి. అడవి అంచు తోటల్లో పంది తవ్వినా, పార తగిలినా అందనంత లోతు అది. మే నెల పిడుగుల రోజుల్లో వాన మబ్బు కమ్మితే పెట్టె ప్లగ్గు పీకేయడంతో పాటు తోట లైన్ల సాకెట్టు కూడా విప్పేయాలి, ఎందుకంటే పిడుగు పోటు ఇంటి కరెంటు వైపు నుంచే కాదు, తోటలో పరిచిన ఈ పొడవాటి వైర్ల నుంచి కూడా వస్తుంది. ఆ రైతు లైన్లన్నింటినీ ఒకే సాకెట్టుకు తెచ్చి బిగించుకున్నారు, అర నిమిషంలో విప్పుతున్నారు.